ఆ 42 మందిని నమ్మి 60 మందిని నిలబెట్టాను

పోయినేడాది నేను చదువుకున్న ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లాను. ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలయ్యే ముందు ఫైనలియర్ వాళ్లకి ఇంటర్వ్యూ టిప్స్ చెప్పమని పిలిచారు. రెజ్యూమె ఎలా రాయాలి, కోడింగ్ రౌండ్‌లో ఏం అడుగుతారు లాంటివి చెప్పి, చివర్లో అందరినీ లేపి నిలబెట్టాను. "కాళ్లు ఎడంగా పెట్టండి. చేతులు నడుం మీద. గడ్డం కాస్త పైకి. రెండు నిమిషాలు కదలొద్దు" అన్నాను. సెమినార్ హాల్ నిండా అరవై మంది సూపర్‌మేన్‌లు. వెనక బెంచీల్లో నవ్వులే నవ్వులు.

"నవ్వకండి. ఇలా నిలబడితే ఒంట్లో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. టెన్షన్ హార్మోన్ కార్టిసాల్ తగ్గుతుంది. సైన్స్ ప్రూవ్ చేసింది" అన్నాను. చప్పట్లు కొట్టారు.

నాకు అంత నమ్మకం ఎందుకంటే, నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు నేనూ బాత్రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని అలాగే నిలబడ్డాను. ఉద్యోగం వచ్చింది. ఇంకేం కావాలి?

నెల క్రితం ఆ బ్యాచ్ కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆ పోజు సంగతి నిజం కాదని ఎక్కడో చదివాను. నువ్వు సైన్స్ అన్నావు కదా అని మా చెల్లికి కూడా చెప్పేశాను. ఇంతకీ నిజమా, కాదా?"

వెంటనే రిప్లై ఇవ్వలేకపోయాను. నిజం చెప్పాలంటే నేను ఆ రీసెర్చ్ పేపర్ ఎప్పుడూ చదవలేదు. వీడియో చూశానంతే. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఆ పేపర్ 2010లో సైకలాజికల్ సైన్స్ అనే జర్నల్‌లో వచ్చింది. రాసింది డానా కార్నీ, ఏమీ కడీ, ఆండీ యాప్. కొందరిని ధీమాగా, ఒళ్లు విచ్చుకుని ఉండే పోజుల్లోనూ, మిగతావాళ్లని ముడుచుకుని ఉండే పోజుల్లోనూ ఒక్కో నిమిషం చొప్పున రెండు పోజులు పెట్టించారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి హార్మోన్లు కొలిచారు. చేతిలో రెండు డాలర్లు పెట్టి, "ఉంచుకుంటారా, పాచిక వేస్తారా? గెలిస్తే నాలుగు, ఓడితే సున్నా" అని అడిగారు. ధీమా పోజు వాళ్లకి టెస్టోస్టిరాన్ పెరిగింది, కార్టిసాల్ తగ్గింది, పాచిక వేసినవాళ్లు ఎక్కువ, ధైర్యంగా ఉందన్నవాళ్లూ ఎక్కువ అని రాశారు. 2012లో ఏమీ కడీ దీని మీద ఇచ్చిన టెడ్ ప్రసంగాన్ని కోట్లసార్లు చూశారు. అందులో ఒక వ్యూ నాది.

ఆ పేపర్‌లో నేను ఆగిపోయింది ఒక అంకె దగ్గర. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు మొత్తం 42 మంది. నేను సెమినార్ హాల్లో నిలబెట్టినవాళ్ల కంటే తక్కువ!

42 తక్కువా? మా అమ్మనడిగితే చాలా ఎక్కువంటుంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఆవిడ ఒక్క మెతుకు పట్టుకు చూస్తుంది. గిన్నెడు అన్నానికి శాంపిల్ సైజు ఒకటి. అది ఎప్పుడూ తప్పలేదు కూడా. ఎందుకంటే ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఉడికిన మెతుక్కీ ఉడకని మెతుక్కీ ఉన్న తేడా మాత్రం చాలా పెద్దది.

మనుషులు మెతుకులు కారు. టెస్టోస్టిరాన్ మనిషికీ మనిషికీ మారుతుంది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ మారుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. ఈ గోలలో రెండు నిమిషాల పోజు వల్ల వచ్చే తేడాని వెతకాలి. అంటే ఎంతమంది కావాలన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. మనం వెతికే తేడా ఎంత? మనుషుల మధ్య మామూలుగా ఉండే తేడా ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎఫెక్ట్ సైజు. రెండోదాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌తో కొలుస్తారు.

ఈ అంకె ఎలా ఉంటుందో చెప్తాను. పోజు పెట్టిన గుంపు నుంచి ఒకర్ని, పెట్టని గుంపు నుంచి ఒకర్ని కళ్లు మూసుకుని పిలిచామనుకోండి. పోజు వల్ల ఏ ప్రభావం లేకపోతే, పోజు పెట్టిన మనిషి స్కోరు ఎక్కువుండే అవకాశం వందలో 50. ఎఫెక్ట్ సైజు 0.2 అయితే అది 56 అవుతుంది. 0.8 అయితే 71. సైకాలజీలో 0.2ని చిన్నది అంటారు, 0.8ని పెద్దది అంటారు. రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుంటే వచ్చే మార్పు నిజంగా ఉంటే, అది 0.2 దగ్గర ఉంటుందనుకోవడమే సబబు. కానీ ఆ పేపర్‌లో టెస్టోస్టిరాన్‌కి వచ్చిన ఫలితాన్ని ఈ కొలతలోకి మారిస్తే 0.7 దాకా వస్తుంది.

ఇక పాచిక లెక్క. పేపర్‌లో శాతాలిచ్చారు. ధీమా పోజు వాళ్లలో 86.36 శాతం పాచిక వేశారు, ముడుచుకున్నవాళ్లలో 60 శాతం. శాతాలు వింటే భారీగా ఉంది కదా. మనుషుల్లోకి మార్చాను. 22 మందిలో 19 మంది, 20 మందిలో 12 మంది. ఇంతే.

ఇక్కడ పి-వాల్యూ అనే మాట వస్తుంది. పోజు వల్ల అసలు ఏ తేడా లేదనుకున్నా, కేవలం అదృష్టం కొద్దీ ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కనబడే అవకాశం ఎంత అన్నదే పి-వాల్యూ. అది 0.05 కంటే తక్కువుంటే ఫలితం "సిగ్నిఫికెంట్" అనడం రివాజు. నేను ఆ నాలుగు అంకెలు మామూలు కై-స్క్వేర్ పరీక్షలో పెట్టి చూస్తే 0.052 వచ్చింది. గీత మీదే ఉంది. తర్వాత 19 తీసి 18 పెట్టాను. అంటే ఒక్క మనిషి, ఆ రోజు ఏ మూడ్‌లోనో, "వద్దులెండి, రెండు డాలర్లు ఉంచుకుంటాను" అన్నాడనుకున్నాను. పి-వాల్యూ 0.12కి వెళ్లిపోయింది. మరి నేను అరవై మంది పిల్లలకి "సైన్స్ ప్రూవ్ చేసింది" అని చెప్పిన ముక్కల్లో ఒకటి, ఎవరో ముక్కూమొహం తెలియని ఒక్క మనిషి పాచిక వేయడం మీద ఆధారపడి ఉంది.

సరే, శాంపిల్ చిన్నదైతే నిజమైన తేడాని కూడా పట్టుకోలేం, అంతే కదా, తప్పు చెప్పినట్టు కాదు కదా అని మొదట నాకూ అనిపించింది. నిజంగా ఉన్న తేడాని మన ప్రయోగం పట్టుకునే అవకాశాన్ని స్టాటిస్టికల్ పవర్ అంటారు. పవర్ తక్కువైతే నిజం చేజారుతుంది, అంతవరకే నష్టం అనుకున్నాను. నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి, నమ్మేముందు రన్ చేసి చూద్దామనిపించింది. పోజు నిజంగానే పనిచేస్తుంది, దాని ఎఫెక్ట్ సైజు 0.2 అనే లోకాన్ని కంప్యూటర్‌లో తయారుచేశాను. ఒక్కో గుంపులో 21 మందితో, అదే ప్రయోగాన్ని పదివేల సార్లు చేయించాను.

```python
import numpy as np
from scipy.stats import ttest_ind

rng = np.random.default_rng()
n, hits = 21, []
for _ in range(10000):
    pose = rng.normal(0.2, 1, n)
    plain = rng.normal(0.0, 1, n)
    if ttest_ind(pose, plain).pvalue < 0.05:
        hits.append(abs(pose.mean() - plain.mean()))
print(len(hits), np.mean(hits))
```

పదివేలలో సిగ్నిఫికెంట్ అయినవి సుమారు 950. అంటే పవర్ పది శాతం కూడా లేదు. తేడా నిజంగా ఉన్నా, పది ప్రయోగాల్లో తొమ్మిది దాన్ని చూడలేకపోయాయి. ఇది నేను ఊహించిందే.

ఊహించనిది రెండో అంకె. గెలిచిన ఆ 950 ప్రయోగాల్లో కనబడ్డ తేడా సగటున 0.74 దగ్గర ఉంది. నేను లోపల పెట్టిన అసలు తేడా 0.2 మాత్రమే! మూడున్నర రెట్ల పైగా ఎక్కువ చూపిస్తోంది. కోడ్‌లో తప్పు ఉందేమోనని రెండుసార్లు వెతికాను. తప్పు లేదు. కారణం మనందరికీ తెలిసిన మాటలోనే ఉంది, కటాఫ్.

ఒక్కో గుంపులో 21 మందే ఉంటే, పి-వాల్యూ 0.05 కిందకి రావడానికి కనీసం 0.62 అంత ఎఫెక్ట్ సైజు కనబడాలి. అసలు సత్తా 0.2 ఉన్న ప్రయోగం ఈ కటాఫ్ దాటాలంటే అదృష్టం బాగా కలిసిరావాలి. పాసైనవి మాత్రమే చూస్తే, అన్నీ అదృష్టం కలిసొచ్చినవే ఉంటాయి. కాబట్టి చిన్న ప్రయోగం చిన్న తేడాని "చిన్న తేడా" అని సరిగ్గా చెప్పడం లెక్క ప్రకారమే కుదరని పని. చూడకుండా వదిలేయాలి, లేదా పెద్దది చేసి చూపించాలి. ఆ 950లో కొన్నింట్లో అయితే తేడా తిరగబడి, పోజు పెడితే తగ్గుతుందన్నట్టు కూడా వచ్చింది.

తర్వాత `n` దగ్గర 21 తీసి 394 పెట్టాను. 0.2 తేడాని ఎనభై శాతం పవర్‌తో పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో అంతమంది కావాలి. ఈసారి ఎనిమిది వేల ప్రయోగాలు సిగ్నిఫికెంట్ అయ్యాయి. వాటి సగటు తేడా 0.22. అసలు విలువకి దాదాపు సమానం. కోడ్‌లో ఇంకేం మార్చలేదు, మనుషుల సంఖ్య తప్ప.

ఇప్పుడు దీన్ని ఒక పేపర్ స్థాయి నుంచి మొత్తం సబ్జెక్టు స్థాయికి తీసుకెళ్దాం. ఇది నా ఊహాలెక్క. సైంటిస్టులు వెయ్యి ఐడియాలు పరీక్షించారనుకోండి. అందులో వంద నిజం, తొమ్మిది వందలు ఉత్తివి. ఉత్తివాటిలో కూడా ఐదు శాతం, అంటే 45, అదృష్టం కొద్దీ పాసవుతాయి. శాంపిల్ ఎంతైనా ఈ 45 మారదు. మారేదల్లా నిజమైనవి ఎన్ని పాసవుతాయన్నదే. పవర్ ఎనభై శాతం ఉంటే నిజమైనవి 80 పాసవుతాయి. పాసైన 125లో 80 నిజం, ఫర్వాలేదు. పవర్ పది శాతమే ఉంటే నిజమైనవి 10 పాసవుతాయి. పాసైన 55లో నిజమైనవి పదే. మిగతా 45 ఉత్తివి. పైగా ఆ పది కూడా అసలు కంటే పెద్దగా కనబడతాయి.

పాసైనవే జర్నల్‌లో అచ్చవుతాయి, ఫెయిలైనవి సొరుగులో పడి ఉంటాయి. బయటి నుంచి చదివే మనకి ఆ సొరుగు కనబడదు. ఒకే సబ్జెక్టులో చిన్న చిన్న స్టడీలు పది వచ్చి అన్నీ "పనిచేసింది" అంటుంటే మనకి నమ్మకం పెరుగుతుంది. కానీ ఒక్కోదాని పవర్ పది శాతమే అయినప్పుడు పదికి పదీ పాసవడం ఎలా కుదురుతుంది? నిజానికి అనుమానం పెరగాలి.

ఇదేం కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. జేకబ్ కోహెన్ అనే సైకాలజిస్టు 1962లోనే ఒక జర్నల్‌లో వచ్చిన స్టడీలు తీసి లెక్కగట్టి, మధ్యరకం తేడాని పట్టుకునే అవకాశం కూడా వాటికి సగానికి సగమే ఉందని చూపించారు. బొమ్మా బొరుసూ వేసినట్టే. అయినా పెద్దగా మారలేదు. పెద్ద శాంపిల్‌కి డబ్బూ టైమూ కావాలి, పేపర్లు మాత్రం త్వరగా రావాలి. చివరికి 2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ పేరుతో చాలామంది పరిశోధకులు కలిసి, సైకాలజీ జర్నల్స్‌లో వచ్చిన వంద స్టడీలని మళ్లీ చేశారు. మొదటిసారి అందులో 97 సిగ్నిఫికెంట్. రెండోసారి 36 శాతమే సిగ్నిఫికెంట్ అయ్యాయి. తేడాల సైజు సగటున సగానికి పడిపోయింది. రెప్లికేషన్ క్రైసిస్ అనే మాట మీరెక్కడైనా విని ఉంటే, దాని వెనకున్న పెద్ద సంఘటన ఇదే. ఆ "సగానికి పడిపోవడం" నా కోడ్‌లో 0.74కీ 0.2కీ మధ్య చూసిన దానికి చుట్టమే. వీటికి మోసం చేయాల్సిన పనే లేదు. నిజాయితీపరులు చిన్న శాంపిల్‌తో, కటాఫ్‌తో పనిచేసినా ఇలాగే అవుతుంది.

పోజు పేపర్‌కీ అదే జరిగింది. 2015లోనే ఎవా రానెహిల్, ఆమె సహచరులు 200 మందితో మళ్లీ చేశారు. టెస్టోస్టిరాన్ పెరగలేదు. కార్టిసాల్ తగ్గలేదు. రిస్క్ తీసుకోవడంలో తేడా లేదు. "ధైర్యంగా అనిపించింది" అని చెప్పడం మాత్రం మిగిలింది.

ఇక్కడ నేను మళ్లీ అదే తప్పు చేయబోయాను. "200 మందితో చేస్తే రాలేదు కాబట్టి హార్మోన్ల మీద ప్రభావం సున్నా" అని రాసేయబోయి ఆగాను. ఒక్కో గుంపులో వంద మందితో 0.2 తేడాని పట్టుకునే పవర్ ముప్ఫై శాతం కూడా లేదు. అంటే చిన్న ప్రభావం ఉండి, అది కనబడకపోయి ఉండొచ్చు. కానీ పాత పేపర్ చెప్పినంత, 0.7 అంత తేడా నిజంగా ఉంటే, 200 మందిలో అది కనబడకపోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఖాయంగా చెప్పగలిగింది ఇదీ: నేను హాల్లో చెప్పినంత పెద్ద ప్రభావం లేదు.

2016లో పేపర్ మొదటి రచయిత్రి డానా కార్నీయే బయటికొచ్చి, ఈ పోజు ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని రాశారు. శాంపిల్ మరీ చిన్నదని ఒప్పుకున్నారు. కొంతమందితో చేసి, ఫలితం చూసుకుని, ఇంకొంతమందిని కలుపుకుంటూ వెళ్లామనీ చెప్పారు. అప్పట్లో అది తప్పని ఎవరికీ అనిపించేది కాదు. మీరు క్రికెట్ టాస్ పదిసార్లు వేస్తే ఎక్కడో ఒకచోట బొమ్మ బాగా ముందుంటుంది. సరిగ్గా అక్కడే ఆపేస్తే నాణెం తేడాగా ఉందని "ప్రూవ్" చేయొచ్చు. శాంపిల్ చిన్నదయ్యేకొద్దీ ఆ ఊగిసలాట పెద్దది. పాచిక లెక్కకి రెండు రకాల పరీక్షలు చేసి, తక్కువ పి-వాల్యూ వచ్చినదే వేశామని కూడా ఆవిడే రాశారు. ఏమీ కడీ మాత్రం ధైర్యం అనిపించడమనే ఫలితం నిలబడుతుందనే అంటున్నారు. ఆ వాదన ఇంకా ఉంది. తన పేరుకి గుర్తింపు తెచ్చిన పేపర్‌ని తనే కాదనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచిస్తే, దానికి ఏ పోజూ సరిపోదనిపించింది.

నాకు అంత ధైర్యం కూడా అక్కర్లేదు. ఒక్క మెసేజ్ చాలు. కుర్రాడికి ఇలా రాశాను: "తమ్ముడూ, నేను చెప్పింది తప్పు. హార్మోన్ల సంగతి నిలబడలేదు. మొదటి స్టడీలో ఉన్నది 42 మందే. నేను చదవకుండా చెప్పాను, సారీ. మీ బ్యాచ్ గ్రూపులో కూడా పెట్టు."

పది నిమిషాలకి రిప్లై వచ్చింది. "కానీ అన్నా, నాకు పనిచేసింది కదా! మూడో ఇంటర్వ్యూలో జాబ్ వచ్చింది."

నవ్వొచ్చింది. నా బాత్రూమ్ కథే ఇది. శాంపిల్ సైజు ఒకటి. ఇప్పుడు మేమిద్దరం కలిపితే రెండు.

"మొదటి రెండు ఇంటర్వ్యూల్లో కూడా నిలబడ్డావా?" అని అడిగాను.

"నిలబడ్డా అన్నా."

"మరి అవి ఏమయ్యాయి?"

కాసేపు టైపింగ్ అని చూపించి ఆగిపోయింది. తర్వాత ఒక దండం ఎమోజీ వచ్చింది.

వాట్సాప్‌లో "స్టడీ చెప్పింది" అని ఏదైనా వస్తే ఇప్పుడు నేను ముందు రెండే చూస్తున్నాను. ఎంతమంది మీద చేశారు? చెప్పిన తేడా ఆ పనికి నమ్మదగినంత ఉందా, మరీ పెద్దగా ఉందా? చిన్న పని, కొద్దిమంది మనుషులు, పెద్ద ఫలితం, ఈ మూడూ ఒకేచోట కనబడితే ఫార్వర్డ్ చేయడం ఆపేస్తున్నాను. ఆ మూడో ప్రశ్న, ఫెయిలైన ఇంటర్వ్యూలు ఎక్కడున్నాయన్నది, తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను.

ఈ ఏడాది కూడా కాలేజీ వాళ్లు పిలిచారు. వెళ్తున్నాను. ఈసారి రెజ్యూమె గురించి మాట్లాడే ముందు, పోయినేడాది నేను చెప్పిన తప్పు గురించి ఐదు నిమిషాలు మాట్లాడతానని ముందే చెప్పాను.